ఒక్కొక్కరికి ఒక్కో ఏడాది పేపర్: ఐదుగురు కలిసి ఇంటర్ ఫిజిక్స్ చదివే పద్ధతి

పాత పేపర్లు దగ్గర పెట్టుకుని చదవని ఇంటర్ విద్యార్థి ఉండడు. కానీ ఎక్కువమంది చేసేది ఒకటే. ప్రశ్న చూస్తారు, "ఇది నాకు వచ్చు" అనుకుంటారు, పేజీ తిప్పేస్తారు. వచ్చు అనుకున్నదానికి ఎనిమిదికి ఎన్ని మార్కులు పడతాయో మార్చిలో హాల్లో కూర్చున్నాక గానీ తేలదు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా పిల్లలతో కొన్నేళ్లుగా చేయిస్తున్న పద్ధతి ఒకటి ఉంది. ఐదుగురు ఒక బృందంగా కూడతారు. ఒక్కొక్కరు ఒక్కో ఏడాది పేపరుకు బాధ్యులు. ఆ పేపరు నుంచి ప్రశ్నలు ఇచ్చేది, మిగతావాళ్లు రాసింది దిద్దేది ఆ ఒక్కరే.

ఇందులో అసలు పని రాయడం కాదు, దిద్దడం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, దిద్దడానికి ముందే మార్కుల చీటీ రాసుకోవడం. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

ఉదాహరణకు తెలంగాణ ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్ తీసుకుంటున్నాను. పాత పేపర్లన్నీ 60 మార్కులకు, 3 గంటలకు ఉంటాయి. 1 నుంచి 10 వరకు రెండు మార్కుల ప్రశ్నలు, అన్నీ రాయాలి. 11 నుంచి 18 వరకు నాలుగు మార్కులవి, ఎనిమిదింటిలో ఆరు రాయాలి. 19 నుంచి 21 వరకు ఎనిమిది మార్కులవి, మూడింటిలో రెండు రాయాలి. ఆంధ్రప్రదేశ్ పిల్లలు ఇదే పద్ధతి వాడుకోవచ్చు గానీ, అక్కడ నమూనా మారుతోంది కాబట్టి ముందు తమ బోర్డు ఇచ్చిన నమూనా పేపరు చూసుకుని లెక్కలు సరిచేసుకోవాలి.

ఏడాదులు పంచుకోవడం

ఐదుగురికి 2019, 2020, 2023, 2024, 2025 ఇవ్వండి. మధ్యలో రెండేళ్లు వదిలేయడానికి కారణం ఉంది. 2021లో కరోనా వల్ల సెకండియర్ పరీక్షలే రద్దయ్యాయి. 2022లో సిలబస్ 70 శాతానికి తగ్గించి, ప్రశ్నల్లో చాయిస్ పెంచారు. ఆ పేపరు ఎవరికైనా ఇస్తే, ఆ ఒక్కరి దగ్గర కొన్ని చాప్టర్లు ఖాళీగా ఉంటాయి, మిగతావాళ్లకు సులువైన పేపరు అన్న భ్రమ కలుగుతుంది. ఆరో మనిషి వస్తే ఒక సప్లిమెంటరీ పేపరు ఇవ్వండి. ఏడో మనిషి వస్తే ఇంకో బృందం పెట్టుకోమనండి. ఆరుగురు దాటితే దిద్దే పని ఒక పూటలో తెమలదు.

పేపరు చేతికి రాగానే ప్రతి ఒక్కరూ ఒక పని చేయాలి. ప్రతి ప్రశ్న పక్కన చాప్టర్ పేరు, టెక్స్ట్ బుక్ పేజీ నంబరు రాసుకోవాలి. తర్వాత ఐదుగురూ కూర్చుని 19, 20, 21 ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చూడండి. పెద్ద ప్రశ్నలు ఎప్పుడూ ఎక్కువగా తరంగాలు, ప్రవాహ విద్యుత్తు, కేంద్రకాలు అనే మూడు చాప్టర్ల చుట్టే తిరుగుతాయని మీకే కనిపిస్తుంది. తరంగాల్లో అయితే తీగలో స్థావర తరంగాలు, మూసిన గొట్టం, తెరిచిన గొట్టం, డాప్లర్ ప్రభావం. ఒకే ప్రశ్న ఇద్దరి పేపర్లలో కనిపిస్తే ఒకరిది కొట్టేయకండి. దాని ఉపయోగం తర్వాత చెబుతాను.

వారానికి ఎన్ని ప్రశ్నలు

మొదటిసారి మా పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ఎనిమిది మార్కుల ప్రశ్న తెచ్చారు. ప్రతి ఒక్కరూ నాలుగు పెద్ద ప్రశ్నలు రాయాల్సి వచ్చింది. గంటన్నర దాటింది, చేతులు పడిపోయాయి, దిద్దడానికి ఎవరికీ ఓపిక లేదు. కాగితాలు ఇంటికి తీసుకెళ్లారు, సగం తిరిగి రాలేదు.

తర్వాత కుదిరిన లెక్క ఇది. ఆ వారం ఒకరు ఒక ఎనిమిది మార్కుల ప్రశ్న తెస్తారు. ఇద్దరు తలా ఒక నాలుగు మార్కుల ప్రశ్న. మిగిలిన ఇద్దరు తలా రెండు, రెండు మార్కుల ప్రశ్నలు. ఎవరి ప్రశ్న వాళ్లు రాయరు. అంటే పెద్ద ప్రశ్న తెచ్చినవాళ్లకు 16 మార్కుల పని, మిగతావాళ్లకు 20 మార్కుల పని. 60 మార్కులకు 180 నిమిషాలు, అంటే మార్కుకు మూడు నిమిషాలు. 20 మార్కులకు సరిగ్గా గంట.

వారం వారం వంతు మారుతుంది. ఐదు వారాల్లో ప్రతి ఒక్కరి నుంచీ ఒక పెద్దది, రెండు నాలుగు మార్కులవి, నాలుగు రెండు మార్కులవి బయటికి వస్తాయి. పది వారాలకు రెండు, నాలుగు, ఎనిమిది. పేపరులో ఉన్నవి మూడు, ఎనిమిది, పది కాబట్టి సరిపోగా కాస్త మిగులుతుంది. ఆ మిగిలింది చివర్లో పనికొస్తుంది. దసరా సెలవుల తర్వాత మొదలుపెడితే ప్రాక్టికల్స్ లోపు పది వారాలు హాయిగా కుదురుతాయి.

ప్రశ్న తయారు చేయడం

పాత పేపరులోని ప్రశ్నను ఉన్నదున్నట్టు ఇవ్వాలా, మార్చి ఇవ్వాలా అని పిల్లలు అడుగుతారు. నా పద్ధతి ఇది: ఎనిమిది మార్కుల ప్రశ్నలో ఉత్పాదన భాగాన్ని ముట్టుకోవద్దు. పరీక్షలో అది అలాగే వస్తుంది, అలాగే రాయాలి. దాని కింద లెక్క ఉంటే అంకెలు మార్చండి. రెండు మార్కుల ప్రశ్నను మాత్రం తప్పకుండా మార్చండి, ఎందుకంటే అందరూ దాన్ని జవాబుతో సహా బట్టీ పట్టి ఉంటారు.

ట్రాన్స్‌ఫార్మర్ లెక్క చూడండి. 200 వోల్టుల ఏసీని 2000 వోల్టులుగా మార్చే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో 10 చుట్లు ఉంటే, సెకండరీలో ఎన్ని? జవాబు 100 అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అంకెలు మార్చి 220, 1100 అని ఇస్తే పెద్ద తేడా ఏమీ రాదు. ఒక మెట్టు పైకెక్కి, నష్టాలు లేవనుకుంటే ప్రైమరీలో 2 ఆంపియర్ల కరెంటు ఉన్నప్పుడు సెకండరీలో ఎంత అని అడగండి. వోల్టేజీ పదింతలు పెరిగింది కాబట్టి కరెంటు పదో వంతు, 0.2 ఆంపియర్లు. ఒకసారి మా అమ్మాయి ఒకతె ఇంకా ముందుకెళ్లింది. అదే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి 200 వోల్టుల బ్యాటరీ కలిపి ఉంచితే సెకండరీలో ఎంత వస్తుంది అని అడిగింది. నలుగురిలో ముగ్గురు 2000 అని రాశారు. స్థిరమైన డీసీతో అభివాహంలో మార్పు ఉండదు, సెకండరీలో ఏమీ రాదు. బోర్డు పేపరులో ఇలా అడగకపోవచ్చు. కానీ ఆ ముగ్గురికీ ట్రాన్స్‌ఫార్మర్ సూత్రం ఆ సాయంత్రమే అర్థమైంది.

ప్రశ్న ఇచ్చేముందు ఇచ్చేవాళ్లే గడియారం పెట్టుకుని పుస్తకం మూసి జవాబు రాయాలి. పెద్ద ప్రశ్నకు మార్కుకు మూడు నిమిషాల లెక్కన 24 నిమిషాలు ఉంటాయి. ముందే చదువుకుని వచ్చిన మీకే 22 నిమిషాలు పడితే, ఆ ప్రశ్న మిగతావాళ్లకు ఎక్కువవుతుంది. లెక్క భాగాన్ని కాస్త చిన్నది చేయండి.

మార్కుల చీటీ

ఇక అసలు విషయానికి వద్దాం. ప్రశ్నతో పాటు ఒక చీటీ రాయాలి. ఏ మెట్టుకు ఎన్ని మార్కులో అందులో ఉండాలి. రాత మొదలయ్యేలోపే దాన్ని మడిచి, కవర్లో పెట్టి, ఎవరింట్లో కూర్చుంటే వాళ్ల అమ్మగారికి ఇచ్చేయాలి. నవ్వకండి. జవాబులు చూశాక చీటీ రాస్తే, మొదట చేతికొచ్చిన జవాబే చీటీ అయిపోతుంది.

ఒక చీటీ పూర్తిగా చూద్దాం. ప్రశ్న ఇది: "ఒక చివర మూసిన గొట్టంలోని గాలి స్తంభంలో స్థావర తరంగాలు ఏర్పడే విధానాన్ని వివరించి, అనుస్వరాల పౌనఃపున్యాలకు సమీకరణాలు రాబట్టండి. 70 సెం.మీ. పొడవున్న మూసిన గొట్టంలో ధ్వని వేగం సెకనుకు 331 మీటర్లు అయితే ప్రాథమిక పౌనఃపున్యం ఎంత?" దీనికి మేం వాడే విభజన:

- పతన తరంగం, పరావర్తన తరంగం అధ్యారోపణం చెందడం వల్ల స్థావర తరంగం ఏర్పడుతుందని రాస్తే 1
- మూసిన చివర అస్పందన స్థానం, తెరిచిన చివర ప్రస్పందన స్థానం అని రాస్తే 1
- మొదటి కంపన రీతి పటం, పేర్లతో సహా, 1
- l = λ₁/4 నుంచి ν₁ = v/4l రాబడితే 1
- రెండు, మూడు రీతులకు 3v/4l, 5v/4l వస్తే 1
- నిష్పత్తి 1 : 3 : 5, బేసి అనుస్వరాలు మాత్రమే వస్తాయన్న మాట, 1
- లెక్కలో సూత్రం, మీటర్లలో ప్రతిక్షేపణ 1
- 118.2 హెర్ట్జ్, యూనిట్‌తో సహా, 1

ఇది బోర్డు వాళ్ల విభజన అని నేను చెప్పడం లేదు, మా బృందం కోసం పెట్టుకున్నది. మీరు ఇంకోలా విడగొట్టుకోవచ్చు. కానీ ఒక మెట్టుకు రెండు మార్కులు పెట్టకండి. అక్కడే "ఒకటి వేద్దామా, ఒకటిన్నర వేద్దామా" అన్న బేరం మొదలవుతుంది.

చీటీ అడుగున టెక్స్ట్ బుక్ పేజీ నంబరు తప్పనిసరి. గైడు చూసి రాసిన చీటీల్లో తప్పులు దొర్లుతాయి. ఒకసారి తెరిచిన గొట్టానికి కూడా 4l వేసి చీటీ రాశాడొక అబ్బాయి. సరిగ్గా 2l రాసిన ముగ్గురికీ మార్కులు పోయాయి. పేజీ నంబరు ఉంటే పుస్తకం తెరిస్తే అర నిమిషంలో తేలిపోయేది. దానికి బదులు అరగంట గొడవ జరిగింది.

కూర్చున్న పూట

ప్రశ్నలు ముందు రోజు వాట్సాప్‌లో పెట్టకండి, రాత మొదలయ్యేటప్పుడే చదవండి. ఒక్కొక్కరి ప్రశ్నకు వేరే కాగితం మీద జవాబు రాయాలి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఇదొక్కటి లేకపోతే ఒకరు దిద్దుతుంటే నలుగురు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. వేరువేరు కాగితాలైతే గంట కాగానే ఎవరి ప్రశ్న జవాబులు వాళ్ల ముందుకు వచ్చేస్తాయి.

కవరు తెరిచి చీటీలు తీసుకుని దిద్దడం మొదలుపెట్టండి. ప్రతి మెట్టు దగ్గర మార్జిన్‌లో ఒక టిక్కు. చివర్లో టిక్కులు లెక్కపెడితే అదే మార్కు. "బాగా రాశాడు" అని వేసే మార్కు ఉండకూడదు. ఐదుగురిలో ఎవరి దస్తూరి ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి పేర్లు దాచడం వల్ల ఉపయోగం లేదు. చేయి జారకుండా ఆపేది టిక్కే.

చిన్న ప్రశ్నలు తెచ్చినవాళ్ల పని పది నిమిషాల్లో అయిపోతుంది. పెద్ద ప్రశ్న దిద్దేవాళ్లకు ఇరవై పడుతుంది. ఈలోగా ఖాళీ అయిన ఒకరు, చీటీ చూసుకుంటూ ఒక పెద్ద జవాబును విడిగా ఇంకోసారి దిద్దాలి. ఎన్ని వేశారో కాగితం మీద కాకుండా పక్కన తుండు కాగితం మీద రాసుకోవాలి. ఇద్దరి మార్కుల మధ్య తేడా ఒకటి కంటే ఎక్కువ ఉంటే, తప్పు దిద్దినవాళ్లది కాదు, చీటీది.

ఆరా, నాలుగా: ఒక జవాబు కథ

పైన చెప్పిన గొట్టం ప్రశ్నకే జరిగింది. ఒక అబ్బాయి జవాబుకు ప్రశ్న ఇచ్చినమ్మాయి ఆరు వేసింది. రెండోసారి దిద్దినవాడు నాలుగు వేశాడు.

జవాబులో ఏముందంటే, తరంగం ఏర్పడే విధానం బాగానే రాశాడు. మూసిన చివర అస్పందన స్థానం అని మాటల్లో సరిగ్గానే చెప్పాడు. కానీ పటంలో మూసిన చివర ప్రస్పందన స్థానం, తెరిచిన చివర అస్పందన స్థానం వేశాడు. మూడు పటాలూ అలాగే తిరగేసి ఉన్నాయి. సమీకరణాలు మాత్రం అన్నీ సరిగ్గా వచ్చాయి. ఇందులో వింత లేదు. అటు నుంచి ఇటు తిప్పినా పొడవు λ/4 గానే ఉంటుంది, కాబట్టి పటం తప్పని సమీకరణం పట్టివ్వదు. లెక్కలో 70 సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకుండా 331ని 280తో భాగించి 1.18 హెర్ట్జ్ అని రాశాడు.

అమ్మాయి పటానికి ఒకటి, చివరి జవాబుకు ఒకటి తీసేసింది. రెండో అతను ఆ రెంటితో పాటు, చివరల నియమానికి ఒకటి, రెండు మూడు రీతులకు ఒకటి కూడా కోశాడు. పటాలు తప్పు కదా అన్నది అతని వాదన.

ఇక్కడ రెండు విషయాలు తేల్చుకోవాల్సి వచ్చింది. ఒకే తప్పుకు ఎన్నిసార్లు కోయాలి? ఒక్కసారే. మొదటి పటం దగ్గర మార్కు పోయింది, రెండు మూడు పటాల్లో అదే తప్పు మళ్లీ వస్తే మళ్లీ కోయకూడదు. మరి మాటలు ఒకటి చెప్పి, పటం ఇంకోటి చెబితే? నా అభిప్రాయం అడిగితే ఆ మార్కు ఇవ్వొద్దన్నాను. రెండింటిలో ఏది నమ్ముతున్నాడో రాసినవాడికే తెలియదు, పైగా దిద్దేవాళ్ల కన్ను ముందు పడేది పటం మీదే. అలా ఆ జవాబు ఐదు దగ్గర ఆగింది. చీటీలో ఆ రెండు నియమాలూ చేర్చి, మిగతా మూడు జవాబులనూ మళ్లీ చూశారు. ఇది మరిచిపోకండి. నియమం మారితే అందరికీ మారాలి.

చివరల గురించి ఇంకో మెలిక కూడా ఉంది. మూసిన చివర స్థానభ్రంశానికి అస్పందన స్థానమే, కానీ పీడనానికి ప్రస్పందన స్థానం. ఎవరైనా పీడన పటం గీసి, అది పీడన పటమని పేరు రాస్తే అది తప్పు కాదు. పేరు రాయకపోతే తప్పే.

లెక్కలో మీటర్లలో ప్రతిక్షేపించాలని చీటీలో ఉంది. అలా చూస్తే సూత్రం మార్కు కూడా పోవాలి. అమ్మాయి దాన్ని ఇచ్చింది, రెండో అతనూ ఇచ్చాడు. ఇద్దరికీ ఒకే పొరపాటు, కాబట్టి మార్కుల తేడా దాన్ని పట్టివ్వలేదు. చర్చలో రాసినవాడే బయటపెట్టాడు, పాపం. "మీటర్లలో అని ఉంది కదా, నాకు మార్కు ఎలా వచ్చింది?" అని. ఆ రోజు నుంచి చీటీలో సూత్రం ఒక మెట్టు, మీటర్లలో ప్రతిక్షేపించి తెచ్చిన సరైన జవాబు ఒక మెట్టు అయ్యాయి. అందుకే ఐదు ఐదుగానే మిగిలింది. కానీ నేను వాళ్లకు చెప్పింది వేరే. మన చెవికి వినిపించేది దాదాపు 20 హెర్ట్జ్ నుంచి. దాదాపు మూరన్నర పొడవున్న గొట్టం ఊదితే 1.18 హెర్ట్జ్ రావడమేమిటని రాసేటప్పుడే అనుమానం రావాలి.

గొడవలకు ఒక హద్దు

మార్కు తగ్గిందని అడిగే హక్కు రాసినవాళ్లకు ఉండాలి. కానీ చీటీలోని ఏ మెట్టు తన జవాబులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. "నాకు తెలుసు, రాయడం మర్చిపోయాను" అన్నదానికి మార్కు లేదు. చర్చకు మొత్తం నలభై నిమిషాలు, అంతే. తేలకపోతే మర్నాడు లెక్చరర్‌ను అడగండి.

మార్కులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి, ఎవరికి ఎన్ని వచ్చాయన్నదే కాకుండా ఎవరు ఎన్ని వేశారన్నది కూడా. నాలుగు వారాలు తిరిగేసరికి ఒకరు వేసే మార్కులు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంటే, వాళ్ల చీటీ తెరిచి చూడండి. సాధారణంగా అందులో మూడే మెట్లు ఉంటాయి. స్నేహం కొద్దీ వేసిన మార్కుల కంటే బద్ధకంగా రాసిన చీటీ వల్ల పడ్డ మార్కులే ఎక్కువ.

ఎవరైనా రాలేకపోతే వాళ్ల ప్రశ్న, కవరు ముందు రోజు సాయంత్రానికే చేరాలి. దిద్దే పని ఇంకొకరు చేస్తారు. మరొకరు రాసిన చీటీతో దిద్దాల్సి వచ్చినప్పుడే ఆ చీటీ ఎంత స్పష్టంగా ఉందో తెలుస్తుంది.

ఇద్దరి పేపర్లలో ఒకే ప్రశ్న

మొదట్లో కొట్టేయొద్దన్నాను కదా. ఒకే ప్రశ్న రెండు ఏడాదుల్లో ఉంటే, ఆ ఇద్దరినీ ఒకరికొకరు చూపించుకోకుండా విడివిడిగా చీటీలు రాయమనండి. మిగిలిన ముగ్గురి జవాబులను ఇద్దరూ తమ తమ చీటీలతో దిద్దాలి. ఆ వారం మామూలు లెక్క తప్పుతుంది, ఫరవాలేదు. డాప్లర్ ప్రభావం మీద అలా చేసినప్పుడు ఒకరి చీటీలో నిర్వచనానికి ఒక మార్కు ఉంది, ఇంకొకరి చీటీలో అసలు నిర్వచనమే లేదు, మార్కులన్నీ ఉత్పాదనకే. ప్రశ్నలో మొదటి వాక్యమే "డాప్లర్ ప్రభావం అంటే ఏమిటి?" అని ఉంది. ప్రశ్నను పూర్తిగా చదవకపోతే జవాబు రాసేవాళ్లకే కాదు, దిద్దేవాళ్లకూ మార్కు జారిపోతుంది.

మిగిలిన ప్రశ్నలతో ఒక పూర్తి పేపరు

పది వారాలయ్యాక ప్రతి పేపరులోనూ ఒక పెద్ద ప్రశ్న, నాలుగు నాలుగు మార్కులవి, రెండు రెండు మార్కులవి మిగులుతాయి. ఐదుగురివీ కలిపితే రెండు మార్కులవి సరిగ్గా పది. నాలుగు మార్కులవి ఇరవై ఉంటాయి, వాటిలో ఎనిమిది. పెద్దవి ఐదు, వాటిలో మూడు. చాప్టర్లు మళ్లీ మళ్లీ రాకుండా ఏరుకుంటే ఒక పూర్తి 60 మార్కుల పేపరు తయారు. ఒక ఆదివారం పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండు దాకా రాయండి. ఈ ఒక్కసారి ఎవరి ప్రశ్న వాళ్లూ రాయొచ్చు, ఎందుకంటే వేరే దారి లేదు. కానీ సొంత ప్రశ్నకు రాసిన జవాబును మాత్రం పక్కవాళ్లే దిద్దాలి, చీటీ మీదే అయినా సరే. తన చీటీ ప్రకారం తనకే మార్కు పోయినవాళ్ల ముఖాలు ఆ రోజు చూడాలి.